అరకు కాఫీ నెలవారీ పెట్టె: అన్‌బాక్సింగ్ ఫొటోకు AI ప్రాంప్ట్‌లు

ప్రాంప్ట్ 1, తెరిచిన పెట్టె: నిట్టనిలువుగా పైనుంచి తీసిన ఫొటో, 1:1 ఫ్రేమ్, వాలు లేదు. లేత గోధుమరంగు నార గుడ్డ మధ్యలో మూత తీసిన గోధుమరంగు అట్టపెట్టె, అంచులు ఫ్రేమ్‌కు సమాంతరం. లోపల తెల్ల టిష్యూ పేపర్ రెండు పొరలు, నాలుగు కొసలూ బయటికి విప్పినవి. మడత గీతలు, చిన్న ముడతలు కనిపించాలి, అంచుల్లో వెలుతురు దూరాలి. అది గుడ్డలా జారకూడదు, ప్లాస్టిక్‌లా మెరవకూడదు. ఎడమన ఒకటి, కుడిన ఒకటి 250 గ్రాముల కాఫీ సంచులు. నడుమ ఇత్తడి డబరాలో గ్లాసు, పైనుంచి ఒకే కేంద్రమున్న రెండు వలయాలుగా. ఫ్రేమ్‌లో దానికి దిగువన పోస్ట్‌కార్డంత ఇన్సర్ట్ కార్డు, పూర్తిగా ఖాళీ. AI బొమ్మలో తెలుగు అక్షరాలు చెదరవచ్చు కాబట్టి రాత తర్వాత ఎడిటింగ్‌లోనే. వస్తువుల మధ్య సమాన ఖాళీ. ఎడమ కిటికీ నుంచి మెత్తని వెలుతురు, నీడలన్నీ కుడివైపే.

ప్రాంప్ట్ 2, విప్పకముందు: అదే పెట్టె, అదే వెలుతురు. టిష్యూ రెండు రెక్కలూ మధ్యలో కలిసి, కలిసినచోట మెరూన్ గుండ్రటి స్టిక్కర్.

రెండింటిలోనూ వద్దు: చేతులు, చెల్లాచెదురు గింజలు, అదనపు కప్పులు, లోగోలు, పక్కకోణం.