రెండు నెలలుగా జమ కాని పెన్షన్ గురించి ఫిర్యాదు

చెన్నై,
11-09-2025

పెన్షన్ చెల్లింపు అధికారి గారికి,

అయ్యా,

నేను పెరంబూరులో ఉంటున్న రిటైర్డ్ తెలుగు టీచర్‌ని. ప్రతి నెలాఖరుకు బ్యాంకులో పడే నా పెన్షన్ జూలై, ఆగస్టు నెలలకు జమ కాలేదు.

లైఫ్ సర్టిఫికెట్ అందలేదని మీ కౌంటర్‌లో చెప్పారు. జూన్ 18న ఈ-సేవా కేంద్రంలో ఇచ్చాను. వేలిముద్ర నాలుగుసార్లు పడలేదు. ముప్పై ఒక్క ఏళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. ఐదోసారి, తడిగుడ్డతో తుడిచాక పడింది. ఆ రసీదు మీ కౌంటర్‌లో చూపిస్తే, "సిస్టమ్‌లో కనిపించడం లేదు, వచ్చే వారం రండి" అన్నారు. మూడు వారాలు వచ్చాను. మోకాళ్ల నొప్పులతో మీ మెట్లెక్కడం నాకు చాలా కష్టం.

మావారి ఇన్సులిన్ పోయిన నెల అప్పు మీద తెచ్చాను. ఈ వయసులో పిల్లల ముందు చెయ్యి చాచడం ఎంత బాధో మీకు చెప్పక్కర్లేదు. ఇది నేను పనిచేసి సంపాదించుకున్న డబ్బు.

దయచేసి రెండు నెలల బకాయి వెంటనే జమ చేయించండి. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా తెలపండి. రసీదు, పీపీఓ, పాస్‌బుక్ నకళ్లు జత చేశాను. నా పేరు, ఫోన్ నంబరు వాటి మీదే ఉన్నాయి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు