కవర్ ఫొటో రీటచింగ్: జుట్టు, చీర విషయంలో హద్దులు

తమ్ముడూ,

పొందూరు ఖద్దరు సంచిక కవర్ ఫొటో డ్రైవ్‌లో పెట్టాను. ఫైలు పేరు PONDURU_COVER_23. దాని పక్కనే 21, 25 కూడా కనిపిస్తాయి, అవి లోపలి పేజీలకు. వాటిలోంచి తల గానీ, కొంగు గానీ తెచ్చి 23లో అతికించొద్దు. ఒక క్షణంలో తీసిన ఫొటో ఒకటే వెళ్లాలి.

ఈసారి కాస్త పెద్ద మెసేజ్ పెడుతున్నాను. నీ చేతి పని మీద నాకు నమ్మకం ఉంది, కానీ సినిమా పోస్టర్లు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే అలవాటులో జుట్టు నల్లగా, బట్ట నున్నగా అయిపోతుంది. ఆ రెండూ ఇక్కడ జరగకూడదు. కవర్ మీద ఉన్న ఆవిడ చిన్నప్పటి నుంచి నూలు వడుకుతున్న మనిషి. ఎగ్జిబిషన్‌లో రాట్నం మీద వడికి చూపించడానికి విశాఖ వచ్చినప్పుడు మన ఆఫీసు కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాం. ఒంటి మీద ఉన్న చీర ఆవిడ వడికిన నూలుతో నేసిందే. ఫొటోకి ఒప్పుకునే ముందు ఒక్క మాట అడిగారు: ‘నన్ను నన్నులాగే ఎయ్యండమ్మా, మా ఊరోళ్లు గుర్తుపట్టాల’. సరేనని మాటిచ్చాను.

ముందు జుట్టు. పాపిట దగ్గర, చెవుల మీద ఉన్న తెల్ల వెంట్రుకలు ఒక్కటి కూడా నల్లబడకూడదు. కర్వ్స్‌తో మొత్తం ఫొటో కాంట్రాస్ట్ పెంచినప్పుడు తెల్ల వెంట్రుకలు తమంతట అవే మసకబారొచ్చు, అందుకే జుట్టుకి మాస్క్ వేసి ఆ భాగాన్ని వదిలెయ్యి. పాపిట కాస్త పలచగా ఉంది, పైనుంచి పడ్డ వెలుగు వల్ల ఉన్నదానికన్నా ఎక్కువ పలచగా కనిపిస్తోంది. అక్కడ మాడు మీద మెరుపును కొద్దిగా బర్న్ చెయ్యి, నాకు అభ్యంతరం లేదు. ఆవిడ ఎదురుగా నిలబడి చూసిన నాకు తెలుసు, అంత తెల్లగా లేదు. కానీ బ్రష్‌తో గానీ, క్లోన్‌తో గానీ, మరే టూల్‌తో గానీ లేని వెంట్రుకలు పుట్టించొద్దు. ముడి సైజు పెంచొద్దు. లిక్విఫై అసలు తెరవొద్దు, తలకీ వద్దు, భుజానికీ వద్దు.

మన ఊరి ఉక్కపోతకి చెవుల దగ్గర, మెడ వెనక వెంట్రుకలు రింగులు తిరిగి లేచాయి. వాటిని ఉంచు. ముఖానికి అడ్డంగా, కంటి మీదుగా పోయిన ఒకటి రెండు వెంట్రుకలు తీసెయ్యొచ్చు, ఎందుకంటే ప్రింటులో అవి గీత పడ్డట్టు ఉంటాయి. కణత దగ్గర ఒక చిన్న తెల్లటి పోగు కనిపిస్తుంది. దుమ్ము అనుకుని హీలింగ్ బ్రష్ పెడతావని ముందే చెబుతున్నాను: అది పత్తి పీచు. వడికే వాళ్ల తలలో అది ఎప్పుడూ ఉంటుంది. ఈ ఫొటోలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ముట్టుకోవద్దు. ముడిలో కనకాంబరాలు వాడిపోయి ఉన్నాయి, వాటి రంగు పెంచొద్దు, రాలిన చోట పువ్వు చేర్చొద్దు.

మన పత్రిక పేరు ఆవిడ తల వెనక్కి వెళ్తుంది కాబట్టి జుట్టు అంచు కత్తిరించాల్సి ఉంటుంది. ఆ మాస్క్ దగ్గర ఓపిక పట్టు. అంచుని నున్నగా గీసేస్తే తల అట్టముక్కలా కనిపిస్తుంది. లేచిన వెంట్రుకలు అక్షరాల మీదికి వచ్చినా పరవాలేదు, రానివ్వు.

ఇప్పుడు చీర. ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, మెత్తగా చేసి, చేత్తో 100 కౌంటు దాకా సన్నని నూలు తీస్తారు. చేతితో తీసిన నూలు కాబట్టి అక్కడక్కడ పోగు లావవుతుంది, ఒక్కోచోట చిన్న ఉండ కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేసి టెక్స్చర్‌ని ఒకసారి తుడిచావంటే చాలు, ఖద్దరు పోయి మిల్లు బట్ట మిగులుతుంది. ఆ సంచిక మొత్తం రాసిందే ఈ తేడా గురించి. అందుకని చీర మీద నాయిస్ రిడక్షన్ వద్దు, బ్లర్ వద్దు. సన్నని నేత మీద మోయిరే వస్తే మాత్రం తియ్యొచ్చు, అది కెమెరా తెచ్చిన తప్పు. భుజం దగ్గర కొద్దిగా వచ్చింది కూడా. ఆ రంగు మరకను తీయగలిగినంత తియ్యి, పోగు గీతలు మాత్రం పోకూడదు.

చీర రంగు తెలుపు కాదు, పచ్చి పత్తి రంగు. దాన్ని బట్టల సబ్బు ప్రకటనలా తెల్లగా మార్చొద్దు. మొదటి ఫ్రేములో గ్రే కార్డు ఉంది, వైట్ బ్యాలెన్స్ దాన్ని బట్టే పెట్టు. కిటికీ వైపు భుజం మీద వెలుగు ఎక్కువ పడింది, రా ఫైల్లో వివరం ఉంది, హైలైట్స్ తగ్గించి నేత కనిపించేలా చెయ్యి.

కొంగు మీద జమ్‌దానీ బుటాలు చేత్తో వేసినవి, ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఒక బుటా మడతలో సగం దాక్కుంది. పక్కదాన్ని కాపీ చేసి అక్కడ పెట్టొద్దు. పొందూరు నేతగాళ్లు ఈ పుస్తకం కొని చూస్తారు, వాళ్ల కంటికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. అంచు వెడల్పు, రంగు మార్చొద్దు. కూర్చున్నప్పుడు పడ్డ మడతలు ఉండాలి. పమిట మీద పెట్టెలో పెట్టిన ఇస్త్రీ మడత ఒకటి అడ్డంగా బాగా కొట్టొచ్చినట్టు ఉంది, దాన్ని సగానికి తగ్గించు, పూర్తిగా తీసేస్తే బట్ట గట్టిదనం పోతుంది.

భుజం మీద పిన్నీసు, జాకెట్టు కింద నుంచి కనిపిస్తున్న స్ట్రాప్ రెండూ తీసెయ్యి. వీటిని తీయమని ఆవిడే అడిగారు. జాకెట్టు మెడ పైకి జరపడం, చేతులు పొడవు చెయ్యడం వద్దు. ముక్కుకి రెండు వైపులా ఉన్న ముక్కుపుడకలు ఉత్తరాంధ్ర అమ్మల గుర్తు, ఒకదాని మీద మెరుపు ఎక్కువైంది కాబట్టి కాస్త తగ్గించు, అంతే. చర్మం గురించి నీకు చెప్పక్కర్లేదు, ముడతలు అలాగే.

ప్రింటుకి CMYK, 300 డీపీఐ, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్. జుట్టు నలుపులో నాలుగు ఇంకులూ కలిపి 300 శాతం దాటనివ్వొద్దు, దాటితే ప్రెస్సులో వెంట్రుకలన్నీ కలిసి ఒక ముద్ద అవుతాయి, తెల్లవి కూడా అందులో మునిగిపోతాయి.

లేయర్లు కలపకుండా పీఎస్‌డీ పంపు. జుట్టు ఒక గ్రూపు, చీర ఒక గ్రూపు, అడుగున అసలు ఫొటో తాకకుండా. దాంతోపాటు ముందు, తర్వాత రెండు జేపెగ్‌లు కూడా పంపు, అవి వాట్సాప్‌లో ఆవిడ మనవరాలికి పంపి ఆవిడకి చూపించమంటాను. ఆవిడ సరే అన్నాకే ప్రెస్సుకి వెళ్తుంది. బుధవారం సాయంత్రం 6 లోపు నాకు అందితే గురువారం ప్రూఫ్ తీయించొచ్చు.

పని మధ్యలో ఏదైనా చోట చెయ్యాలా వద్దా అని అనుమానం వస్తే చెయ్యకుండా వదిలేసి, ఆ ముక్క స్క్రీన్‌షాట్ పెట్టు. రాత్రి 10 దాకా ఫోన్ దగ్గరే ఉంటాను.

– అక్క