అకౌంట్స్ ఉద్యోగం కోసం: శ్రీలత, 6 ఏళ్ల అనుభవం, బెంగళూరు

నమస్తే మేడమ్,

మీ నంబరు మా పాత ఆఫీసులో పనిచేసిన అక్క ఇచ్చారు. మీరూ తెలుగువారే అన్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

నేను బీకాం చేశాను. మాది అనంతపురం. ప్రస్తుతం కె.ఆర్.పురంలో ఉంటున్నాను. విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌ని. సప్లయర్ల బిల్లులు, టీడీఎస్, జీఎస్టీ అన్నీ చూస్తాను. ప్రతి నెలా 11లోపు జీఎస్‌టీఆర్-1, 20లోపు 3బీ నా చేతి మీదుగానే వెళ్తాయి. పోయిన ఏడాది ఇన్‌పుట్ క్రెడిట్ 2బీతో సరిపోక, 40 మంది సప్లయర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిచేయించాను. ట్యాలీ బాగా వచ్చు. శాప్‌లో రెండేళ్లుగా ఎంట్రీలు, పేమెంట్ రన్ చేస్తున్నాను, కాన్ఫిగరేషన్ మాత్రం రాదు.

అసిస్టెంట్ మేనేజర్ అకౌంట్స్, లేదా జీఎస్టీ టీమ్ లీడ్ పోస్టులు చూడండి. కలెక్షన్స్, సేల్స్ వద్దండి.

వైట్‌ఫీల్డ్, ఇందిరానగర్, ఎం.జి.రోడ్ ఏదైనా సరే, పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్లిపోతాను. ఎలక్ట్రానిక్ సిటీ అయితే కష్టం. సిల్క్ బోర్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు! బాబు స్కూలు వల్ల చెన్నై, హైదరాబాద్ కూడా ఇప్పుడు కుదరదు.

ఇప్పుడు సీటీసీ ఏడాదికి 7.2 లక్షలు. 9 నుంచి 10.5 లక్షల మధ్య చూస్తున్నాను. ఫిక్స్‌డ్ 8.5కి తగ్గితే మారను. నోటీసు 60 రోజులు.

రెజ్యూమె జతచేశాను. నన్ను అడగకుండా ఏ కంపెనీకీ పంపకండి, ప్లీజ్. సాయంత్రం 6:30 తర్వాత ఫోన్ చేస్తే మాట్లాడగలను.

ఇట్లు,
శ్రీలత