పిన్నీసుల మోటారు: పదో తరగతికి రెండు పీరియడ్ల పాఠ్య ప్రణాళిక

తరగతి: 10, భౌతికశాస్త్రం. పిల్లలు 32 మంది, నలుగురికొక జట్టు చొప్పున 8 జట్లు. సమయం: వరుసగా రెండు పీరియడ్లు, 90 నిమిషాలు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని, ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధనను ముందే చెప్పి ఉండాలి.

పిల్లలు నేర్చుకోవాల్సింది: తీగ ఒక చివర ఎనామిల్‌ను సగమే ఎందుకు గీకామో సొంత మాటల్లో చెప్పాలి. మోటారు తిరిగినా ఈ మాట చెప్పలేకపోతే పాఠం సగమే అయినట్టు.

ఒక్కో జట్టుకు సామాను: పెద్ద టార్చిలైటు బ్యాటరీ (1.5 వోల్టులు) ఒకటి, పెద్ద పిన్నీసులు రెండు, పాత స్పీకర్లో దొరికే అయస్కాంతం ఒకటి, మోటారు వైండింగ్ షాపులో అమ్మే 26 గేజి ఎనామిల్ రాగి తీగ మీటరున్నర, గరుకు కాగితం ముక్క, రబ్బరు బ్యాండ్లు. రబ్బరు బ్యాండ్ల బదులు సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మాస్టారి బల్ల మీద అయస్కాంత దిక్సూచి ఒకటి.

జాగ్రత్త: తీగ నిరోధం చాలా తక్కువ కాబట్టి చుట్ట తిరగకుండా ఆగిపోతే బ్యాటరీ, తీగ రెండూ వేడెక్కుతాయి. పది సెకన్లలో తిరగకపోతే చుట్ట తీసేయాలి. ఫోన్ బ్యాటరీలు, ఇంటి ప్లగ్గు ఈ పనికి ఎవరూ వాడకూడదు. ఇది మొదటే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇంటికెళ్లి "ఇంకా పెద్దది చేద్దాం" అనే వాడు ప్రతి తరగతిలో ఒకడుంటాడు.

మొదటి 15 నిమిషాలు

దిక్సూచి మీదుగా తీగ పట్టుకుని బ్యాటరీకి ఒక్క క్షణం తాకించాలి. ముల్లు పక్కకు జరుగుతుంది. 1820లో డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్ చూసింది ఇదే. మరుసటి ఏడాది ఫారడే పాదరసంలో వేలాడే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పి చూపించాడు. ఇంతకు మించి చరిత్ర వద్దు. ఇక్కడ పిల్లలను అడగాల్సింది: "తీగ ముల్లును కదిపితే, అయస్కాంతం తీగను కదపదా?"

తయారీ (35 నిమిషాలు)

బ్యాటరీ చుట్టూ తీగను పది చుట్లు చుట్టి జాగ్రత్తగా బయటికి లాగాలి. రెండు చివర్లూ ఎదురెదురుగా ఒకే గీతలో రావాలి, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్లు. చుట్లు విడిపోకుండా ఆ చివరలనే ఇరువైపులా రెండేసి మెలికలు వేయాలి. పిన్నీసులను బ్యాటరీ రెండు కొసలకూ ఆనించి, గుండ్రటి కన్నాలు పైకి ఉండేలా రబ్బరు వేయాలి. అయస్కాంతాన్ని బ్యాటరీ మీద, చుట్ట కింద పెట్టాలి. పైన ఇనుప తొడుగు ఉన్న బ్యాటరీకి అదే అతుక్కుంటుంది, లేకపోతే టేపు వేయాలి.

గీకుడు దగ్గర మాత్రం ప్రతి జట్టు పక్కనా నిలబడాలి. ఒక చివరను చుట్టూరా గీకాలి. రెండో చివరకు చుట్టను బల్ల అంచు అవతల నిట్టనిలువుగా పట్టుకుని, చివరను బల్ల మీద ఆనించి, పైకి కనబడే సగం మాత్రమే గీకాలి. చుట్టను పడుకోబెట్టి గీకితే ఎంత బాగా గీకినా తిరగదు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

కన్నాల్లోంచి చివరలు దూర్చి, వేలితో మెల్లగా ఒక తోపు ఇవ్వాలి.

తిరగకపోతే: ఎనామిల్ పూర్తిగా పోయిందా? రాగి మెరవాలి. చుట్ట ఒకవైపు బరువుగా వాలుతోందా? అయస్కాంతానికి దగ్గరగా ఉందా? తోపు రెండో దిక్కుకు ఇచ్చి చూశారా?

చర్చ (30 నిమిషాలు)

రెండు చివర్లూ పూర్తిగా గీకిన చుట్టను మాస్టారు ముందే చేసి ఉంచుకోవాలి. దాన్ని పెడితే చుట్ట అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. ఎందుకో పిల్లలే ఊహించాలి, మనం ఐదు నిమిషాలు నోరు మెదపకూడదు. తర్వాత నల్లబల్ల మీద: చుట్ట నిలువుగా ఉన్నప్పుడు తిప్పే బలం ఎక్కువ, పడుకున్నప్పుడు సున్నా, ఆ స్థితి దాటగానే అదే బలం వెనక్కి తిప్పడం మొదలెడుతుంది. మనం మిగిల్చిన ఎనామిల్ సరిగ్గా ఆ అర చుట్టు కరెంటు ఆపేస్తుంది. ఉన్న ఊపుతో చుట్ట ముందుకెళ్లి మళ్లీ రాగిని తాకుతుంది. పుస్తకంలోని మోటారులో కమ్యుటేటర్ కరెంటును ఆపదు, దిశ మారుస్తుంది. అందుకే దానికి రెండు అర చుట్లలోనూ తోపు అందుతుంది.

తర్వాత ముందు ఊహించి, ఆపైన చేసి చూడాలి: అయస్కాంతం తిరగేస్తే? బ్యాటరీ తిరగేస్తే? రెండూ ఒకేసారి తిరగేస్తే? (మొదటి రెండిటికీ దిశ మారుతుంది, మూడోదానికి మారదు.)

మూల్యాంకనం (10 నిమిషాలు): అరపేజీలో బొమ్మ గీసి, కరెంటు ఉన్న సగం, లేని సగం రంగులు మార్చి చూపాలి. మోటారు తిరగని జట్టుకు మార్కులు తగ్గించొద్దు, ఎందుకు తిరగలేదో రాస్తే చాలు.

ఇంటిపని: మిక్సీ రిపేరు చేసే షాపులో అరిగిపోయిన బొగ్గు బ్రష్ ఒకటి అడిగి తేవాలి. మన మోటారులో ఆ పని ఏ భాగం చేస్తోందో నోటుబుక్కులో రాయాలి. మిక్సీని మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకూడదు.