పదో తరగతి గ్రాండ్ టెస్ట్ ఏర్పాట్లపై సిబ్బంది సమావేశం మినిట్స్

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల
తేదీ: 08-01-2025, బుధవారం. సాయంత్రం 3.45 గంటలు, స్టాఫ్ రూమ్.

అధ్యక్షత: ప్రధానోపాధ్యాయులు గారు.
హాజరు: తెలుగు, హిందీ, ఇంగ్లీష్, గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు, పీడీ గారు. గైర్హాజరు ఎవరూ లేరు.

మార్చి 21న పబ్లిక్ పరీక్షలు మొదలవుతున్నాయి. సంక్రాంతి సెలవులు అయ్యాక పిల్లలకు పూర్తిస్థాయి పరీక్ష ఒకటి పెడితే, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో ఇప్పుడే తెలుస్తుందని హెచ్‌ఎం గారు చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు.

1. టైమ్‌టేబుల్, ఇన్విజిలేషన్

పదో తరగతిలో 58 మంది. మూడు గదులు: 20, 20, 18. బెంచీకి ఒక్కరే. ఎవరి సబ్జెక్ట్ రోజున వారికి హాల్ డ్యూటీ ఉండదు. ఒక్కొక్కరికి మూడు డ్యూటీలు వచ్చేలా ఈ పట్టిక ఖరారైంది. పేర్ల వరుస ప్రకారం 1, 2, 3 గదులు.

| తేదీ | పరీక్ష | డ్యూటీ |
|---|---|---|
| 20 సోమ | తెలుగు | హిందీ, ఇంగ్లీష్, గణితం |
| 21 మంగళ | హిందీ | తెలుగు, భౌతిక, జీవ |
| 22 బుధ | ఇంగ్లీష్ | గణితం, సాంఘిక, హిందీ |
| 23 గురు | గణితం | ఇంగ్లీష్, జీవ, తెలుగు |
| 24 శుక్ర | భౌతికశాస్త్రం | సాంఘిక, హిందీ, ఇంగ్లీష్ |
| 25 శని | జీవశాస్త్రం | సాంఘిక, తెలుగు, భౌతిక |
| 27 సోమ | సాంఘికశాస్త్రం | భౌతిక, జీవ, గణితం |

సమయం ఉదయం 9.30 నుంచి 12.30 వరకు. సైన్స్ పేపర్లు రెండూ 11 గంటలకే ముగుస్తాయి. డ్యూటీ మార్చుకోవాలంటే ముందురోజే హెచ్‌ఎం గారికి చెప్పి రిజిస్టర్‌లో రాయించాలి. ఫోన్‌లో ఇద్దరూ మాట్లాడుకుని మార్చుకుంటే కుదరదు.

2. తండా పిల్లల బస్సు

దీనిపైనే ఎక్కువసేపు చర్చ జరిగింది. తండా నుంచి వచ్చే 11 మందికి బస్సు ఒక్కోరోజు 9.35కి గానీ రావడం లేదు. పరీక్షే 9.45కి పెడదామని జీవశాస్త్రం మేడమ్ అన్నారు. అసలు పరీక్ష 9.30కే ఉంటుంది, ఆ అలవాటు ఇప్పుడే పడాలని గణితం సార్ వాదించారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి పరీక్ష 9.30కే ఉంచాలని, ఆ పిల్లల్లో ఎవరు ఆలస్యమైనా లోపలికి పంపి, పోయినంత సమయం చివర్లో కలపాలని తీర్మానించాం. వారిని గేటు దగ్గర చూసుకునే బాధ్యత పీడీ గారిది. మార్చిలో ఇదే ఇబ్బంది రాకుండా బస్సు వేళ మార్చమని డిపోకు హెచ్‌ఎం గారు ఈ వారమే ఉత్తరం రాస్తారు.

3. పార్ట్-బి

పోయిన పరీక్షలో కొందరు పార్ట్-బి మీద నంబర్ వేయలేదు. ఇంకొందరు దాన్ని జవాబు పత్రానికి కట్టకుండానే ఇచ్చి వెళ్లారు. తెలిసిన జవాబులకు మార్కులు పోతే ఆ పిల్లల ముఖం చూడలేమని తెలుగు మేడమ్ అన్నది అందరి మనసులో మాటే. కాబట్టి ఆఖరి అరగంటలో, సైన్స్‌కైతే ఆఖరి పావుగంటలో పార్ట్-బి ఇచ్చాక, ఇన్విజిలేటర్ ప్రతి బెంచీ దగ్గరికీ వెళ్లి నంబర్ చూడాలి. దారంతో కట్టిందాకా పేపర్ తీసుకోకూడదు. అడిషనల్ షీట్లకూ ఇదే వర్తిస్తుంది.

4. మిగతా తరగతులు

ముగ్గురు హాల్లో ఉంటారు కనుక ఉదయం పూట 6, 7 కలిపి ఒక గదిలో, 8, 9 కలిపి ఒక గదిలో కూర్చోబెట్టాలి. సర్దుబాటు పట్టిక ఇంగ్లీష్ సార్ తయారుచేస్తారు. రిపబ్లిక్ డే డ్రమ్, కవాతు ప్రాక్టీస్ మధ్యాహ్నం 3.30 తర్వాతే. ఉదయం మైదానంలో చప్పుడు ఉండకూడదని పీడీ గారు ఒప్పుకున్నారు.

5. ఎవరి పని ఏది

ప్రశ్నపత్రాలు ఎవరి సబ్జెక్ట్‌వి వారే తయారుచేసి 18వ తేదీ శనివారం మధ్యాహ్నంలోగా హెచ్‌ఎం గారికి ఇవ్వాలి. గైడ్ నుంచి యథాతథంగా దించవద్దు. జిరాక్స్ బాధ్యత భౌతికశాస్త్రం సార్‌ది, ఖర్చు స్కూల్ గ్రాంట్ నుంచి. సీల్ చేసిన కవర్లు హెచ్‌ఎం గారి బీరువాలో ఉంటాయి. సీటింగ్, నంబర్లు అంటించడం, జవాబు పత్రాలు లెక్కపెట్టి ఇవ్వడం, తీసుకోవడం సాంఘికశాస్త్రం ఉపాధ్యాయునిగా నేను చూస్తాను. తాగునీరు, గంట ఆఫీస్ సబార్డినేట్ చూస్తారు.

ఏ పరీక్ష పేపర్లైనా మూడు రోజుల్లో దిద్ది పిల్లల చేతికి ఇవ్వాలి. మార్కులు వేసి ఊరుకోకుండా తప్పు ఎక్కడో పక్కన రాయాలి. మార్కుల రిజిస్టర్ హిందీ మేడమ్ దగ్గర ఉంటుంది. 35 శాతం కన్నా తక్కువ వచ్చినవారి జాబితా 31న తయారు కావాలి. వారిని ఉపాధ్యాయులు దత్తత తీసుకునే విషయం ఫిబ్రవరి 1న మళ్లీ కూర్చుని మాట్లాడతాం. తల్లిదండ్రులకు ఫోన్లు క్లాస్ టీచర్ హోదాలో గణితం సార్ చేస్తారు.

సమావేశం 5.10కి ముగిసింది. హాజరైన తొమ్మిది మందీ చదివి సంతకాలు చేశారు.

మినిట్స్ రాసినవారు: స్కూల్ అసిస్టెంట్, సాంఘికశాస్త్రం