సుధా, మామయ్య గురించి

సుధా, మామయ్య పోయారని ఫోన్లో ఇద్దరం ఏడవడమే సరిపోయింది, చెప్పాలనుకున్నది ఒక్కటీ చెప్పలేదు, అందుకే టైప్ చేస్తున్నా. పెద్ద మెసేజే ఇది. ఇప్పుడే చదవక్కర్లేదు, ఇంట్లో అందరూ పడుకున్నాక చదువుకో, రిప్లై కూడా ఇవ్వద్దు.

మామయ్య అంటే నాకు ముందు గుర్తొచ్చేది టీనగర్లో మెట్ల కింద ఆ చిన్న షాపే. చెవి మీద చాక్‌పీసు, మెడలో టేపు, రేడియో ఒకటి ఎప్పుడూ గరగరమంటూ. నా ఎంగేజ్‌మెంట్ బ్లౌజు కుట్టించుకోడానికి నువ్వే తీసుకెళ్ళావు కదా, లైనింగ్ గుడ్డ నానబెట్టకుండా తెచ్చానని ఎంత తిట్టాడో, "ఒక్క ఉతుకుకే ముడుచుకుపోతుందమ్మా, అప్పుడు నన్నంటావు" అని తనే బకెట్లో పడేసి మర్నాడు రమ్మన్నాడు. పక్కల్లో రెండు కుట్ల గుడ్డ లోపల వదిలిపెట్టి, పెళ్ళయ్యాక ఎలాగూ లావవుతావు, అప్పుడు విప్పుకుందువులే అన్నాడు. నిజంగానే రెండు కుట్లూ విప్పేశానే. ఇప్పటికీ ఆ బ్లౌజు నాకు పడుతుంది. నాకు తెలిసిన మామయ్య ఆయన. ఆస్పత్రి కాగితం మీద హెచ్ఐవి అని రాస్తే ఏంటి.

గూడూరు నుంచి వచ్చినవాళ్ళు మెట్ల మీదే నిలబడిపోయారనీ, అత్త చేతి కాఫీ ఒక్కరు కూడా ముట్టుకోలేదనీ, ఐస్ బాక్స్ దగ్గరికి రావడానికి కూడా ముఖాలు చూసుకున్నారనీ చెప్పావు కదా, రాత్రంతా అదే తిరుగుతోంది మనసులో. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి ఆ చేతులే కదే కుట్టింది. కన్నమ్మపేట శ్మశానానికి మీ తమ్ముడూ పక్క షాపు ఇస్త్రీ ఆయనా తప్ప భుజం ఇచ్చేవాళ్ళు లేకపోవడం ఏంటి. ఆ ఇస్త్రీ ఆయనకి నా తరఫున ఒక నమస్కారం చెప్పు, మర్చిపోకు.

నువ్వు రాత్రి మళ్ళీ మళ్ళీ అన్నది ఒకటే, మేం ముందే కనిపెట్టాల్సింది అని. ఎలా కనిపెడతారే. పదేళ్ళకి పైగా మాంబళంలో లోకల్ ఎక్కి తాంబరం శానటోరియంలో దిగి, అక్కడి ఆస్పత్రిలో మందులు తెచ్చుకుని, మధ్యాహ్నానికల్లా షాపు తెరిచి కూర్చున్న మనిషి. గుడ్డలు తేవడానికి వెళ్ళాడనే కదా మీరంతా అనుకుంది. మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ బాగానే ఉన్నాడు, దసరా దీపావళి సీజన్లో తెల్లవార్లూ మిషన్ తొక్కేవాడు. మందులు సరిగ్గా వాడితే హెచ్ఐవి ఉన్నవాళ్ళు అందరిలాగే చాలా ఏళ్ళు బతుకుతున్నారు, ఆయన కూడా బతికేవాడే. అక్కడ లైన్లో ఊరివాళ్ళెవరో చూశారని పోయినేడు వెళ్ళడం మానేశాడని అత్త అన్నదంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మాత్రలు ఆగాయి, ఒంట్లో శక్తి పోయింది, టీబీ పట్టుకుంది. ఇందులో నీ తప్పు ఎక్కడుంది చెప్పు. దేశంలో మొదటి కేసులు బయటపడింది 1986లో మన ఈ చెన్నైలోనే, ఇన్నేళ్ళయ్యాక కూడా ఒక మనిషి మందుల లైన్లో నిలబడడానికి భయపడ్డాడంటే అది ఆ చూసి చెవులు కొరుక్కునేవాళ్ళ తప్పు.

ఇంక ఎలా వచ్చింది ఎలా వచ్చింది అని గుసగుసలు. ఎలా వచ్చిందో నాకు తెలీదు, నాకు అక్కర్లేదు. షుగర్‌తో పోయినవాళ్ళింటికి వెళ్ళి ఎన్ని స్వీట్లు తినేవాడండీ అని అడుగుతామా?

ఎవరైనా ఏమైంది అని అడిగితే టీబీ ముదిరిందండీ అని చెప్పు. అబద్ధం కాదు, ఆయన పోయింది దానితోనే. అంతకు మించి చెప్పాలా వద్దా అనేది అత్త ఇష్టం, తర్వాత మీ ఇష్టం. రేపెప్పుడైనా నిజం బయటికే చెప్పేద్దాం అనిపించినా నేను మీ పక్కనే ఉంటా. అత్త టెస్ట్ చేయించుకుందా అని అడుగుతున్న ఆ పెద్దావిడకి మాత్రం జవాబే ఇవ్వకండి, నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోండి. టెస్ట్ విషయం అత్తతో నువ్వొక్కదానివే మెల్లగా మాట్లాడు, గవర్నమెంట్ ఆస్పత్రిలో ఫ్రీగా చేస్తారు, బయటికి చెప్పరు, కావాలంటే నేను తోడు వెళ్తా.

డెత్ సర్టిఫికెట్ చూస్తే బ్యాంకులో అందరికీ తెలిసిపోతుందని మీ అమ్మ భయపడుతోందన్నావు కదా. అమ్మకి ఇవాళే చెప్పు, కార్పొరేషన్ ఇచ్చే సర్టిఫికెట్లో చనిపోయిన కారణం ఉండదు, ఉండకూడదని రూలే ఉంది. పేరు, తేదీ, ఎక్కడ పోయారు, ఇలాంటివే. కారణం రాసిన ఆస్పత్రి కాగితం వేరే, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసెయ్, ఎవరడిగినా ఫస్ట్ ఎందుకు అని అడుగు.

ఓనరమ్మ సంగతి వింటే మాత్రం నాకు ఏడుపు కూడా పోయి కోపమొచ్చింది. పదకొండో రోజు కూడా కాకుండానే పోర్షన్ ఖాళీ చేయమంటుందా. మా ఆఫీసు లాయర్ గారిని పేర్లు చెప్పకుండా అడిగా. 2017లో హెచ్ఐవి చట్టం ఒకటి వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, జబ్బు ఉన్నవాళ్ళకే కాదు, వాళ్ళతో కలిసి ఉన్నవాళ్ళకి కూడా, ఇంతకు ముందు కలిసి ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుందట, ఆ కారణం చెప్పి అద్దె ఇల్లు ఖాళీ చేయించడం కుదరదట. అత్తని ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పు, అడ్వాన్స్ వెనక్కి ఇస్తానన్నా తీసుకోవద్దు. మాట్లాడాల్సింది నేనూ మా ఆయనా వచ్చి మాట్లాడతాం, అరవం లే, ఆయన తమిళం నాకంటే బాగుంటుంది కదా.

చిన్నోడు మామయ్య కంచంలో తిన్నాడు, పక్కలో పడుకున్నాడు అని నీ అత్తారింట్లో రాద్ధాంతం చేస్తున్నారు కదా. కంచంలో తింటే హెచ్ఐవి రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు, అమ్మ చివరి స్నానం చేయించింది కదా, అలా ముట్టుకున్నా రాదు. వాడిని భయపెట్టొద్దని చెప్పు. కానీ టీబీ సంగతి వేరే సుధా, అది ఊపిరితిత్తుల్లో ఉంటే దగ్గుతో గాలిలో వస్తుంది, కాబట్టి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు, చూసుకున్నవాళ్ళు, చిన్నోడు, అమ్మ, నువ్వు, అందరూ ఒకసారి చెకప్ చేయించుకోండి. గవర్నమెంట్ ఆస్పత్రిలో ఫ్రీ, అవసరమైతే రాకుండా ఉండడానికి మాత్రలు కూడా వాళ్ళే ఇస్తారు. కర్మ అయిపోయాక అని వాయిదా వేయకు, ఈ వారంలోనే వెళ్దాం, కారు నేను తెస్తా.

పెద్దకర్మ రోజు ఎంతమంది వస్తారో అని వంట ఆయనకి లెక్క చెప్పడానికి కూడా సిగ్గుపడుతున్నావని తెలుసు. మా ఇంటి నుంచి నలుగురం, మా అత్తగారు కూడా వస్తానన్నారు, నేను అడక్కుండానే అన్నారే. అందరం అక్కడే కూర్చుని విస్తట్లో తింటాం, రెండో బంతి దాకా ఉంటాం. మన కాలేజీ గ్రూపులో నేనేం చెప్పలేదు, మామయ్య పోయారు, టీనగర్ షాపు మామయ్య అని మాత్రం పెట్టా, ఆల్రెడీ ముగ్గురు మనం బ్లౌజులు కుట్టించుకున్న కథలు రాస్తున్నారు, నీకు ఓపిక ఉన్నప్పుడు చూసుకో.

షాపులో ఇంకా కుట్టాల్సిన గుడ్డలు ఉన్నాయన్నావు కదా, కస్టమర్లకి ఫోన్ చేసి తిరిగి ఇచ్చే పని నాకు వదిలెయ్. ఆయన బిల్లు పుస్తకం ఫొటోలు తీసి పంపు, పేర్లూ నెంబర్లూ అందులోనే రాసేవాడు. రేపు సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా సైదాపేట వస్తున్నా, రాత్రికి చపాతీలూ కూరా తెస్తా, పొయ్యి వెలిగించొద్దని అత్తకి చెప్పు.