నల్లగొండ దవాఖాన బోర్డులు: పెద్దమ్మను ఏ గదికి తోల్కపోవాలె

పెద్దనాయినా, దవాఖానల బోర్డులన్నీ నిన్న ఫొటోలు తీసి పంపిన. కొన్ని మొత్తం ఇంగ్లీషుల ఉన్నయి, కొన్ని తెలుగు అక్షరాలల్ల ఉన్నా మాటలు ఇంగ్లీషువే. అందుకే ఫొటోలకు నంబర్లేసి, దేన్ల ఏమున్నదో, మనకేం పనో రాస్తున్న. పెద్దమ్మను తోల్కొచ్చేటప్పుడు ఇది ఫోన్ల పెట్టుకో. ఊర్లె ఎవరికన్నా అక్కరకొస్తదని మనకు పని లేని గదుల గురించి గూడ చివర్ల రాసిన.

అన్నిటికంటె ముందు ఒక మాట. సోమవారం రావద్దు, మంగళవారం రా. నాలుగో ఫొటోల కిడ్నీ డాక్టరు గది తలుపు మీద 'మంగళ, శుక్రవారాలు మాత్రమే' అని ఉన్నది. సోమవారమొస్తే సగం పనే అయితది, పెద్దమ్మను మళ్ల బస్సెక్కియ్యాలె.

పీహెచ్‌సీ డాక్టరమ్మ రాసిచ్చిన చీటీల మూడు పేర్లున్నయి. మొదటిది జనరల్ మెడిసిన్. షుగరు, బీపీ, జ్వరాలు, వాపులు, ఆయాసం లాంటివన్నీ మొదలు చూసేది ఈ డాక్టర్లే. రెండోది నెఫ్రాలజీ, అంటే కిడ్నీల డాక్టరు. కాళ్ల వాపు, మూత్రంల నురగ చూసి ఆమె అది రాసింది. మూడోది జనరల్ సర్జరీ, బొటనవేలి పుండు కోసం. సర్జరీ అంటె కోస్తరేమోనని పెద్దమ్మ బుగులు పడతది, ముందే చెప్పు. పుండు కడుగుడు, కట్టు కట్టుడు, చీము తీసుడు అన్నీ వాళ్ల పనే. మొదలు మెడిసిన్‌కే పోవాలె. మిగిలిన రెండిటికీ వాళ్లే రాసి పంపుతరు.

ఫొటో 1, గేటు కాడి బోర్డు. ఎర్ర రంగుల ఉన్నది ఎమర్జెన్సీ. లోపలికి పోతే అదే జాగకు 'కాజువాల్టీ' అని గూడ రాసి ఉన్నది, రెండూ ఒకటే. పక్కనున్న 'ట్రామా' అంటె యాక్సిడెంట్ దెబ్బలు. మంగళవారం దాకా ఆగేలోపు పెద్దమ్మకు ఊపిరాడకున్నా, మాట తడబడ్డా, మత్తుగ పడి ఉన్నా ఓపీ గీపీ అనుకోకుండ 108కి ఫోన్ చేసి ఈ ఎర్ర బోర్డు దిక్కే రావాలె. రాత్రీ పగలూ తెరిచే ఉంటది, చీటీ లైన్ల నిలబడే పని లేదు. లోపల నేల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులేసిన జాగలున్నయి. ప్రాణం మీదికొచ్చినోళ్లను ఎరుపుల, కొంచెం ఆగగలిగినోళ్లను పసుపుల, నడిచొచ్చినోళ్లను ఆకుపచ్చల కూసోబెడతరు. వెనకొచ్చినోళ్లను ముందు చూసిన్రని అక్కడ కొట్లాడొద్దు.

ఫొటో 2, ఓపీ చీటీలిచ్చే కౌంటర్. ఓపీ అంటె చూపించుకొని ఇంటికి పోయేటోళ్లు, ఐపీ అంటె బెడ్ మీద ఉండేటోళ్లు. ఈ రెండిటికీ కిటికీలు వేరువేరు. ఎడమ దిక్కు మూడో కిటికీ ముసలోళ్లకు, అండ్ల నిలబడు. చీటీలు పొద్దున ఎనిమిదిన్నరకు మొదలైతయి. పెద్దమ్మ ఆధార్, పీహెచ్‌సీ చీటీ, పాత షుగరు రిపోర్టులు, వాడే గోలీల పట్టీలు తెచ్చుకో. గోలీల పేర్లు చెప్పరాకున్నా పట్టీ చూస్తే డాక్టరుకు తెలుస్తది.

కౌంటర్ల 'జనరల్ మెడిసిన్ ఓపీ' అని మొత్తం చెప్పాలె. ఉట్టి 'మెడిసిన్' అంటె మందులిచ్చే కాడికి చెయ్యి చూపెడుతున్నరు. నేను నిలబడ్డప్పుడే ఒకామె అట్ల మందుల లైన్ల గంట సేపు నిలబడి, కిటికీ కాడికొచ్చినంక తెలిసి ఏడ్చినంత పని చేసింది. చీటీ చేతికి రాంగనే దాని మీద గది నంబరుకు సున్నా చుట్టిన్రా లేదా చూడు. మనకు 9 ఉండాలె.

ఫొటో 3, హాల్ల ఉన్న పెద్ద బోర్డు. ఏ అంతస్తుల ఏమున్నయో దీని మీద ఉన్నది. గ్రౌండ్ ఫ్లోర్ అంటె మనం నిలబడ్డదే. ఫస్ట్ ఫ్లోర్ అంటె ఒక మెట్ల వరుస ఎక్కినంక వచ్చేది. పైకి చూపెట్టే బాణం గుర్తుంటె మెట్లెక్కమని కాదు, నేరుగ ముందుకు పొమ్మని. మెట్లకైతే మెట్ల బొమ్మే వేసిన్రు. తొమ్మిదో గది కిందనే ఉన్నది, హాలు దాటి కుడికి తిరిగితే నీళ్ల ఫిల్టర్ పక్కపొంటి. పుండు చూపించే జనరల్ సర్జరీ 14, అదే వరుసల ఆఖరుకు. డ్రెస్సింగ్ రూమ్ దానికి ఎదురుంగ. కిడ్నీ డాక్టరు మాత్రం ఫస్ట్ ఫ్లోర్, గది 31. పెద్దమ్మను మెట్లెక్కియ్యకు, ఎక్స్‌రే పక్కన లిఫ్ట్ ఉన్నది.

ఫొటో 4 మంచిగ చూడు, ఎక్కువమంది తప్పిపోయేది ఈడనే. మూడు తలుపులు వరుసగ ఉన్నయి, మూడు పేర్లూ ఒక్కతీరుగనే వినబడతయి. నెఫ్రాలజీ అంటె కిడ్నీలు మంచిగ పని చేస్తున్నయా లేదా చూసేది, డయాలసిస్ గూడ వీళ్ల చేతిలదే. న్యూరాలజీ అంటె మెదడు, నరాలు: పక్షవాతం, ఫిట్స్, చేతులు వణుకుడు. యూరాలజీ అంటె మూత్రం దారి: రాళ్లు, మూత్రం ఆగిపోవుడు, మగవాళ్లకు ప్రోస్టేట్ గడ్డ వాపు, వాటి ఆపరేషన్లు. కిడ్నీల రాయి ఉన్నోళ్లు యూరాలజీకి పోవాలె, కిడ్నీ ఖరాబైందన్నోళ్లు నెఫ్రాలజీకి.

పెద్దమ్మ ఎవరడిగినా 'కాళ్ల నరాలు గుంజుతున్నయి, తిమ్మిరి' అంటది. ఆ మాట విని ఎవరన్నా న్యూరాలజీ తలుపు చూపెడతరు. పోకు. ఏండ్ల సంది షుగరున్నోళ్లకు పాదాలు తిమ్మిరెక్కుడు మామూలు, ఆ సంగతి తొమ్మిదో గదిల డాక్టరుకే చెప్పు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కొరికినా ఆమెకు తెలుస్తలేదని గూడ చెప్పు, మర్చిపోకు. ఆ పుండు పుట్టింది అట్లనే.

ఫొటో 5, పరీక్షల దిక్కు. 'శాంపిల్ కలెక్షన్' అని రాసిన కిటికీల రక్తం, మూత్రం తీసుకుంటరు. లోపల మూడు గదులున్నా మనం తిరిగే పని లేదు, రిపోర్టుల మీద మాత్రం ఆ పేర్లే ఉంటయి. బయోకెమిస్ట్రీ అంటె షుగరు, కిడ్నీ పరీక్షలు. కిడ్నీలకు చూసే ముఖ్యమైన లెక్క పేరు క్రియాటినిన్. పాథాలజీల రక్తం శాతం, కణాలు చూస్తరు. మైక్రోబయాలజీల పుండు చీమును పెంచి ఏ పురుగున్నది, ఏ మందుకు లొంగుతది అని చూస్తరు. దీనికి రెండుమూడు రోజులు పడతది, ఆ రోజే కావాలని అడిగితే రాదు.

పొద్దున ఏం తినకుండ తోల్కరా, డబ్బాల ఇడ్లీనో రొట్టెనో కట్టుకో. పరగడుపు షుగరుకు రక్తం ఇచ్చినంకనే తినిపియ్యి. ఇన్సులిన్ సూది గూడ తినే ముందే, ఇంటికాడ ఏసుకొని కడుపు మాడ్చుకుంటే దారిల కండ్లు తిరిగి పడిపోతది.

రేడియాలజీ అంటె ఎక్స్‌రే, స్కానింగ్. వేలి ఎముక దాకా చీము పోయిందేమో చూసెటందుకు ఎక్స్‌రే రాయొచ్చు. కిడ్నీ స్కానింగ్ రాస్తే నీళ్లు తాగి మూత్రం బిగబట్టుకోమంటరు. ఎక్స్‌రే తలుపు మీద పసుపు రంగుల మూడు రెక్కల గుర్తుంటది, అది రేడియేషన్ ఉన్నదని హెచ్చరిక. చెల్లె నెలలు నిండుతున్నది గద, ఆమె తోడొచ్చినా ఆ గది లోపలికి పోవద్దు.

ఫొటో 6 నీ కోసం. ఆర్థోపెడిక్స్, గది 17, ఎముకలు, కీళ్లు. మన మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, నడుము బిగుసుకపోయినోళ్లు చూపించుకునేది ఈడనే. వచ్చినవ్ గాబట్టి నీ మోకాళ్లు గూడ చూపించుకో, వేరే చీటీ రాపియ్యి. ఒక్క విషయం: మెడికల్ షాపుల కొనుక్కొచ్చి నువ్వు ఏసుకునే నొప్పి గోలీలు పెద్దమ్మకు ఇయ్యకు. అట్లాంటి గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తయి. ఇన్నొద్దులు ఇచ్చి ఉంటే దాచకుండ డాక్టరుకు చెప్పు.

దాని పక్కన పీడియాట్రిక్స్ ఉన్నది, అది పిల్లల డాక్టరు. రెండు బోర్డుల మీదా 'పెడి', 'పీడి' అని కనబడి పోయిన వారం ఎవరో ముసలాయన పిల్లల గది కాడ కూసున్నడట. అప్పుడే పుట్టిన, బరువు తక్కువున్న పిల్లల గది మీద ఎస్‌ఎన్‌సీయూ అని ఉంటది.

ఫొటో 7ల మిగిలినవి. ఓబీజీ అంటె కాన్పులు, ఆడోళ్ల గర్భసంచి బాధలు. ఈఎన్‌టీ అంటె చెవి, ముక్కు, గొంతు. ఆప్తల్మాలజీ కండ్లది. షుగరున్నోళ్లు కండ్లు మంచిగున్నా ఏడాదికొకసారి లోపలి పొర చూపించుకోవాలె, పెద్దమ్మకు ఇంకోసారి వచ్చినప్పుడు చూపిద్దాం. డీవీఎల్ అంటె చర్మం, సుఖవ్యాధులు, కుష్టు. గజ్జి తామరకు గూడ ఇదే గది. పల్మనరీ మెడిసిన్ ఊపిరితిత్తులు, రెండు వారాలు దాటిన దగ్గుకు ఈడికి రావాలె. టీబీ పరీక్ష, మందులు పైసలు లేకుండ ఇస్తరు. సైకియాట్రీ మనసు బాధలు, తాగుడు మాన్పుడు. ఫిజియోథెరపీ పట్టేసిన కాళ్లు చేతులకు కసరత్తు చేపిచ్చేది. కార్డియాలజీ గుండె. ఆంకాలజీ క్యాన్సర్. అనస్తీషియా మత్తు డాక్టర్లది, ఆపరేషన్‌కు ముందు వాళ్లే పిలుస్తరు, మనమై మనం పోయేది కాదు.

ఫొటో 8, వార్డులు. పెద్దమ్మను ఉంచాలంటే చీటీ మీద ఎఫ్‌ఎండబ్ల్యూ అనో ఎఫ్‌ఎస్‌డబ్ల్యూ అనో రాస్తరు. మొదటి అక్షరం ఎఫ్ అంటె ఆడోళ్లది, ఎమ్ అయితే మగోళ్లది. నడుమ ఎమ్ ఉంటె మెడిసిన్, ఎస్ ఉంటె సర్జరీ. రెండూ సెకండ్ ఫ్లోర్లనే, మెట్లకు చెరో దిక్కు. ఐసీయూ అని రాస్తే దగ్గరుండి కనిపెట్టుకునే గది. అది రాసినంత మాత్రాన ఆశ లేదని కాదు, గుండె జారిపోకు. ఓటీ అంటె ఆపరేషన్ గది. ఎర్ర గీత దాటి పోనియ్యరు.

ఫొటో 9, ఆకుపచ్చ బోర్డు ఉన్న టేబుల్ ఆరోగ్యశ్రీది. అక్కడ కూసునేటోళ్లను ఆరోగ్యమిత్ర అంటరు. రేషన్ కార్డు చూపెట్టు. 2023 డిసెంబర్ల మన రాష్ట్రంల దాని పరిమితి పది లక్షలు చేసిన్రు, డయాలసిస్ గూడ అండ్ల వస్తది. హైదరాబాద్‌కు, నిమ్స్‌కో ఉస్మానియాకో గాంధీకో రాసిస్తే ఈ టేబుల్ కాడ అడగకుండ బయలెల్లకు. దాని పక్కనే ఫార్మసీ, మందులు ఉట్టిగనే ఇస్తరు. గోలీల పట్టీ తీసుకోంగనే ఏది పొద్దున, ఏది రాత్రి అని అడిగి దాని మీదనే పెన్నుతోటి రాపిచ్చుకో.

ఎక్కడన్నా ఆగిపోతే నిలబడ్డ కాడి బోర్డు ఫొటో తీసి నాకు పంపు, ఆ రోజు నేను డ్యూటీల ఉన్నా ఫోన్ చేతిలనే పెట్టుకుంట. సాయంత్రానికి రిపోర్టులన్నీ గూడ పంపు, చదివి ఏమున్నదో రాస్త.